గంటకు అరవై నాలుగు లైన్లు

మీ వీధి చివర మెడికల్ షాపాయన సాయంత్రం ఫోన్లో ఆర్డరు పెడితే మర్నాడు పొద్దున్నకల్లా అట్టపెట్టె దుకాణం ముందు దిగుతుంది. ఆ రాత్రంతా ఒక హోల్‌సేల్ గోదాములో కుర్రాళ్లు ట్రాలీలు తోసుకుంటూ ర్యాకుల మధ్య తిరిగి, ఒక్కో మందూ తీసి ట్రేల్లో వేస్తూ ఉంటారు. ఆ పనిని పికింగ్ అంటారు, చేసేవాళ్లు పికర్లు. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు దారుల్లో ఇలాంటి గోదాములు వరసగా కనిపిస్తాయి. షిఫ్ట్ దిగే ముందు అక్కడి ఇన్‌చార్జి ఒక రిపోర్టు తయారుచేసి మేనేజరుకు పంపాలి. అందులో గళ్లు చాలానే ఉంటాయి గానీ తెల్లారాక మీటింగులో అందరూ చూసేది రెండే. గంటకు ఎన్ని లైన్లు తీశారు? తీసినవాటిలో ఎన్ని సరిగ్గా ఉన్నాయి?

నన్నడిగితే ఈ రిపోర్టులో అంకె ఎంతుందన్నదానికంటే దాన్ని దేనితో భాగించారన్నదే ముందు చూడాలి. తిట్లు తినే షిఫ్టుల్లో చాలావరకు బాగా పనిచేసినవే కావడానికి, మెప్పు పొందే షిఫ్టుల్లో కొన్ని తప్పులు దాచినవి కావడానికి కారణం అక్కడే ఉంటుంది.

ముందు లైనంటే ఏమిటో చెప్పుకుందాం. నల్గొండలో ఒక షాపు పదిహేను రకాల మందులు ఆర్డరు చేసిందనుకోండి. అది ఒక ఆర్డరు, పదిహేను లైన్లు. పారాసిటమాల్ ఇరవై స్ట్రిప్పులు అడిగినా ఒక లైనే, దగ్గు సిరప్ ఒక్క సీసా అడిగినా ఒక లైనే. పికర్ ఎన్నిసార్లు ఒక బిన్ దగ్గర ఆగి, చూసి, లెక్కపెట్టి, స్కాన్ కొట్టాడన్నది దీనివల్ల తెలుస్తుంది. ముక్కల లెక్కన కొలిస్తే ఇరవై స్ట్రిప్పుల కట్ట ఒక్క చేత్తో తీసినవాడు, ఇరవై చోట్ల తిరిగి ఇరవై రకాలు తెచ్చినవాడు ఒకటే అయిపోతారు. ఆర్డర్ల లెక్కన కొలిస్తే రెండు లైన్ల ఆర్డరు, నలభై లైన్ల ఆర్డరు ఒకటే అయిపోతాయి. అందుకే గోదాముల్లో లైను కొలమానంగా నిలబడింది.

అలాగని లైను కూడా అచ్చం శ్రమను కొలవదు. పికర్ సమయంలో ఎక్కువ భాగం చేతులతో తీయడానికి కాదు, కాళ్లతో నడవడానికి పోతుంది. ఈ రంగంలో చదువుకునే పాఠ్యపుస్తకాల్లో ఆ వాటా దాదాపు సగమని ఉంటుంది. 2007లో డి కోస్టర్, మరో ఇద్దరు పరిశోధకులు ఆర్డర్ పికింగ్ మీద రాసిన, ఇప్పటికీ అందరూ ప్రస్తావించే సమీక్షా వ్యాసంలో గోదాము నడిపే ఖర్చులో పికింగ్ వాటా 55 శాతం దాకా ఉంటుందని లెక్క చెప్పారు. నడకే పెద్ద ఖర్చయినప్పుడు, రెండు లైన్ల మధ్య దూరం ఎంతన్నది మనిషి చురుకుదనం కంటే ఎక్కువగా అంకెను మారుస్తుంది.

ఒకే మనిషి, మూడు వేగాలు

ఇక భాగహారానికి వద్దాం. ఇక్కడినుంచి చెప్పే అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ గోదాము రికార్డులోవీ కావు. ఒక పికర్ ఎనిమిది గంటల షిఫ్టులో 455 లైన్లు తీశాడు. 455ను ఎనిమిదితో భాగిస్తే గంటకు 57. అయితే ఆ ఎనిమిది గంటల్లో భోజనం, రెండు టీలు కలిపి ఒక గంట పోయింది. షిఫ్ట్ మొదట్లో మీటింగు, స్కానర్ తీసుకోవడం, చివర్లో అప్పగించడం కలిపి అరగంట. మిగిలిన ఆరున్నర గంటలతో భాగిస్తే 70. ఇంకో సంగతుంది. రాత్రి పదింటికి కంపెనీ లారీ వస్తే మనుషులు చాలక ఇన్‌చార్జే అతన్ని దించడానికి పంపాడు. అక్కడ గంటన్నర పోయింది. అంటే నిజంగా పికింగ్ చేసింది ఐదు గంటలు. అప్పుడు వేగం 91.

57, 70, 91. మనిషి ఒకడే, రాత్రి ఒకటే. మూడు లెక్కలూ సరైనవే, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. జీతం ఖర్చు ఎంత పడిందని యజమాని అడిగితే 57. పికర్ పనితనం ఎలా ఉందని అడిగితే 91. ఈ రెంటికీ మధ్య తేడా ఎటు పోయిందని అడిగితే, అది ఇన్‌చార్జి తన గురించి తాను జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న. చిక్కెక్కడ వస్తుందంటే, లారీ దించడానికి పంపిన గంటన్నరను సాఫ్ట్‌వేర్లో వేరే పనిగా ఎవరూ నమోదు చేయరు. స్కానర్ మాత్రం ఆ గంటన్నరా అతను పికింగ్‌లోనే ఉన్నాడనుకుంటుంది. మర్నాడు జాబితాలో అతని పేరు కింది వరసలో ఎర్రగా కనబడుతుంది. చెప్పిన పనికి వెళ్లినందుకు మాట పడతాడన్నమాట. అలాంటివాడు రెండోసారి లారీ దగ్గరకు రమ్మంటే, "అన్నా, నా లైన్లు పడిపోతాయి, వేరేవాళ్లను పంపు" అంటాడు. అందులో అతని తప్పేమీ లేదు.

ఇదే కోవలో ఎక్సెల్ షీట్ల దగ్గర తరచుగా జరిగే పొరపాటు ఇంకొకటుంది. ఒకరు ఆరు గంటల్లో 360 లైన్లు తీశారు, గంటకు 60. ఇంకొకరు చివర్లో వచ్చి దగ్గరి ర్యాకుల్లో ఒక్క గంట చేసి 120 తీశారు. రెండు వేగాల సగటు తీస్తే 90 వస్తుంది. కానీ టీము ఏడు గంటల్లో తీసింది 480, అంటే గంటకు 69 కూడా లేదు. వేగాలకు సగటు తీయకూడదు, లైన్లన్నీ కూడి గంటలన్నిటితో భాగించాలి. లైన్లు C గడిలో, గంటలు D గడిలో ఉంటే రాయాల్సింది ఇది:

```
=SUM(C2:C13)/SUM(D2:D13)
```

అందరూ పెరిగినా మొత్తం తగ్గిన రాత్రి

ఇప్పుడు అసలు కథ. మన గోదాములో రెండు భాగాలున్నాయనుకుందాం. ప్యాకింగ్ టేబుల్ పక్కనే ముందు ర్యాకులు. జ్వరం మాత్రలు, గ్యాస్ మాత్రలు, షుగరు బీపీ మందులు, ఎప్పుడూ కదిలేవన్నీ అక్కడే ఉంటాయి. నాలుగడుగులు వేస్తే తర్వాతి బిన్. వెనక ర్యాకుల్లో అరుదుగా అడిగేవి, ఆసుపత్రులు తీసుకునే ఇంజెక్షన్లు, పెద్ద సైజు సెలైన్ పెట్టెలు. అక్కడ దూరం ఎక్కువ, ఒక్కోసారి నిచ్చెన ఎక్కాలి.

సోమవారం రాత్రి ముందు ర్యాకుల్లో 24 మనిషి గంటలు పనిచేసి 2,400 లైన్లు తీశారు, గంటకు వంద. వెనక 16 గంటల్లో 640 లైన్లు, గంటకు నలభై. మొత్తం 40 గంటల్లో 3,040 లైన్లు. రిపోర్టు మీద అంకె 76.

మంగళవారం ఆసుపత్రుల ఆర్డర్లు ఎక్కువొచ్చాయి. ఇన్‌చార్జి మనుషుల్ని వెనక్కి మళ్లించాడు. ముందు ర్యాకుల్లో 14 గంటల్లో 1,470 లైన్లు, అంటే గంటకు 105. వెనక 26 గంటల్లో 1,092, గంటకు 42. మొత్తం అవే 40 గంటలు, లైన్లు మాత్రం 2,562. రిపోర్టు మీద అంకె 64.

మేనేజరుకు కనబడింది 76 నుంచి 64కి పడిపోయిన గీత. నిన్న బాగానే చేశారు, ఇవాళ నిద్రపోయారా అని అడిగాడు. లోపల చూస్తే ముందు వైపూ వేగం పెరిగింది, వెనక వైపూ పెరిగింది. రెండు చోట్లా సరిగ్గా ఐదు శాతం. తగ్గింది పని కాదు, పనిలో తేలిక పాలు తగ్గింది. గణాంకశాస్త్రంలో ఈ తికమకను సింప్సన్ వైరుధ్యం అంటారు. గోదాముల్లో దీనికి పేరు లేదు గానీ ఆర్డర్ల తీరు మారిన ప్రతిసారీ ఇది వచ్చి కూర్చుంటుంది.

దీన్ని తేల్చడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నిన్నటి వేగాలతో ఇవాళ్టి పనికి ఎన్ని గంటలు పట్టాలో చూస్తే చాలు. 1,470 లైన్లకు గంటకు వంద చొప్పున 14.7 గంటలు. 1,092 లైన్లకు గంటకు నలభై చొప్పున 27.3 గంటలు. మొత్తం 42 గంటల పని. వాళ్లు 40 గంటల్లో ముగించారు. అంటే 105 శాతం. రిపోర్టులో 64 అనే అంకె పక్కన ఈ 105 కూడా ఉంటే ఆ ఉదయం సంభాషణ ఇంకోలా ఉండేది. ఈ ఒక్క గడి లేకపోవడం వల్ల ఎంతమంది ఇన్‌చార్జీలు పడాల్సిన అవసరం లేని మాటలు పడుతున్నారో.

భాగాలవారీగా విడగొట్టినా పూర్తి న్యాయం జరగదు, ఆ సంగతీ చెప్పాలి. ముందు ర్యాకుల్లోనే ఒక జాబితాలో పక్కపక్క బిన్‌లు పడొచ్చు, ఇంకోదాంట్లో ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పడొచ్చు. జాబితాలను పికర్లే ఎంచుకునే పద్ధతి ఉన్నచోట చురుకైనవాళ్లు పొట్టిగా, దగ్గరగా ఉన్నవి ఏరుకుంటారు. కొత్తగా చేరినవాడికి మిగిలేవి పొడుగాటి నడకలు. ఎవరు ఏ జాబితా తీయాలో సాఫ్ట్‌వేరే వరసగా ఇవ్వడం దీనికి మందు. అంతవరకూ పికర్ల మధ్య పోటీ పట్టిక గోడకు అంటించడం దండగ.

సరిగ్గా తీశారా?

వేగం లెక్కలో చిక్కు గంటల దగ్గరైతే, కచ్చితత్వం లెక్కలో చిక్కు ఎన్ని చూశామన్నదాని దగ్గర ఉంటుంది.

ఆ మంగళవారం రాత్రే ప్యాకింగ్ టేబుల్ దగ్గర చెకర్ తీసిన 2,562 లైన్లలో 400 లైన్లను మళ్లీ విప్పి సరిచూశాడనుకుందాం. నాలుగు తప్పులు దొరికాయి. రిపోర్టులో తప్పులు నాలుగు, లైన్లు 2,562 అని రాస్తే కచ్చితత్వం 99.84 శాతం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ మిగతా 2,162 లైన్లను ఎవరూ చూడలేదు. చూడనివన్నీ సరైనవేనని లెక్కేసుకున్నామన్నమాట. భాగించాల్సింది చూసిన 400తోనే. అప్పుడు వచ్చేది 99 శాతం. అదే తీరున చూడని లైన్లలోనూ తప్పులుంటే దాదాపు ఇరవై రెండు తప్పులు అట్టపెట్టెల్లో కూర్చుని గేటు దాటిపోయాయి.

99 శాతం కూడా పరీక్షలో మార్కుల్లా వినబడుతుంది. షాపాయన వైపు నుంచి చూడండి. ఆయన ఆర్డరులో పది లైన్లుంటే, అన్నీ సరిగ్గా రావాలంటే పదిసార్లూ 99 శాతం నెగ్గాలి. ఆ లెక్క 90 దగ్గర తేలుతుంది. అంటే ప్రతి పది పెట్టెల్లో ఒకదాంట్లో ఏదో ఒకటి తేడా. గోదాము వాళ్లు లైన్ల లెక్క చెబుతారు, షాపుల వాళ్లకు పెట్టెల లెక్క అనుభవంలోకి వస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతూ కొట్లాడుకునేది ఇందుకే.

నాలుగు తప్పుల మీద ఎంతవరకు నమ్మకం పెట్టుకోవచ్చన్నది ఇంకో ప్రశ్న. 400 చూసి నాలుగు దొరికితే, అసలు తప్పుల రేటు వెయ్యికి మూడు నుంచి పాతిక దాకా ఎక్కడైనా ఉండొచ్చని గణాంకాల లెక్క చెబుతుంది. ఒక్క రాత్రి అంకె అంత వదులుగా ఉంటుంది. ఇక ఒక్కో పికర్‌కు వచ్చేసరికి, చూసింది 50 లైన్లు, దొరికింది ఒక తప్పు, కచ్చితత్వం 98 అని రాసి అతన్ని పిలిచి మందలించడంలో అర్థం లేదు. మర్నాడు అదృష్టం కలిసొస్తే అతనికి 100 వస్తుంది. మనిషి గురించి మాట్లాడాలంటే కనీసం నెలరోజుల లైన్లు పోగేయాలి. టీము గురించైతే వారం.

అయితే ఒక్క రాత్రి దొరికిన నాలుగు తప్పులు పనికిరావని కాదు. ఎన్ని అన్నది పక్కనపెట్టి ఏవి అని చూస్తే ఆ నాలుగే బోలెడు చెబుతాయి.

మొదటిది స్ట్రిప్పు, బాక్సు గొడవ. ఆర్డరులో పది అని ఉంది. షాపుకు కావాల్సింది పది స్ట్రిప్పులు. పది స్ట్రిప్పుల బాక్సు ఒకటి తీస్తే సరిపోయేది. పికర్ పది బాక్సులు పెట్టాడు. రెండోదీ ఈ కుదురుదే, తిరగేసి: పది బాక్సులు కావాల్సినచోట ఒకటే వెళ్లింది. ఇక్కడ స్కానర్ కాపాడదు. స్కానర్‌కు తెలిసేది ఏ వస్తువన్నదే. ఒకసారి స్కాన్ కొట్టి స్క్రీన్ మీద 10 అని టైపు చేస్తే, చేతిలో ఉన్నవి పది స్ట్రిప్పులో పది బాక్సులో దానికెలా తెలుస్తుంది? స్క్రీన్ మీద అంకె పక్కన స్ట్రిప్పు, బాక్సు అన్న మాట పెద్ద అక్షరాల్లో పడేలా చేస్తే ఈ తప్పులు చాలావరకు తగ్గుతాయి. కుర్రాణ్ణి ఎంత తిట్టినా తగ్గవు.

మూడోది కవల పెట్టెలు. షుగరు మందు మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములది, 1000ది ఒకే కంపెనీ, ఒకే రంగు పెట్టె, పేరు ఒకటే, చివర అంకె ఒక్కటే తేడా. అక్షర క్రమంలో పేర్చారు కాబట్టి రెండూ పక్కపక్క బిన్‌లలోనే ఉన్నాయి. పికర్ బిన్ లేబుల్ సరిగ్గానే స్కాన్ చేసి, చేయి పక్క బిన్‌లో పెట్టాడు. పెట్టెనే స్కాన్ చేసి ఉంటే యంత్రం అరిచేది. మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. ఆ నియమం అన్ని మందులకూ లేదు. అందుకని పెట్టె మీది కోడ్ మీదే పూర్తిగా ఆధారపడలేక బిన్ లేబుల్ స్కాన్‌తో పని నడిపించే గోదాములున్నాయి. మీరు సరైన చోట నిలబడ్డారనడానికి మాత్రమే అది సాక్ష్యం. సరైనది తీశారనడానికి కాదు. ఇలాంటి జంటల్ని పట్టుకుని ఒకదాన్ని రెండు వరసల అవతల పెట్టడం ఒక్క పూట పని.

నాలుగోది మందుల వ్యాపారంలోనే ప్రత్యేకంగా కనబడేది. మందు సరైనదే, లెక్క సరైనదే, బ్యాచ్ వేరు. ముందు గడువు తీరేది ముందు వెళ్లాలి కాబట్టి సాఫ్ట్‌వేర్ ఫలానా బ్యాచ్ తీయమంది. పికర్‌కు చేతికందింది వెనక వచ్చిన బ్యాచ్. బిల్లు మీద ఒక బ్యాచ్ నంబరు, ఒక ఎక్స్‌పైరీ తేదీ, ఒక్కోసారి ఎమ్మార్పీ కూడా వేరే. షాపాయన రేపు గడువు తీరిన సరుకు వెనక్కి పంపబోతే బిల్లుకూ స్ట్రిప్పుకూ పొంతన కుదరదు. గోదాములో పాత బ్యాచ్ అలాగే మిగిలి గడువు దాటిపోతుంది.

ఒక ట్రాలీ మీద ఐదారు ఆర్డర్లు కలిపి తీసేచోట ఐదో రకం తప్పుంటుంది. మందు సరిగ్గానే తీశాడు, పక్క ట్రేలో వేశాడు. దీని గుర్తు జంటగా వస్తుంది. ఒక షాపుకు ఏదో తక్కువైందని ఫిర్యాదు, ఇంకో షాపుకు సరిగ్గా అదే ఎక్కువైందని. ఎక్కువైన షాపు చెప్పకపోవచ్చు కూడా. ఒకే ట్రాలీలో వెళ్లిన ఆర్డర్లను పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఒకటేనని, లైన్లు రెండు చెడ్డాయని తెలుస్తుంది. ట్రాలీ మీద ఆర్డర్లు పెంచితే నడక తగ్గి గంటకు లైన్లు పెరుగుతాయి. ఈ జంట తప్పులు ఎప్పుడు మొదలయ్యాయో అక్కడ ఆపాలి.

తప్పుగా లెక్కకట్టకూడనిది ఒకటుంది. పికర్ బిన్ దగ్గరకు వెళ్లాడు, కంప్యూటర్లో ఎనిమిది ఉన్నాయంటోంది, బిన్ ఖాళీ. అతను స్కానర్లో షార్ట్ అని నొక్కి ముందుకు వెళ్లాడు. ఇది పికింగ్ తప్పు కాదు, స్టాకు తప్పు. సరుకు పై అరలో ఉండి కిందికి దింపలేదు, లేదా దించినవాళ్లు వేరే బిన్‌లో పెట్టారు, లేదా నిన్న ఎవరో ఎక్కువ తీశారు. దీన్ని పికర్ ఖాతాలో వేసే గోదాముల్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. షార్ట్ నొక్కడం మానేసి, వెతుక్కుంటూ పది నిమిషాలు తిరుగుతారు. వేగమూ పోతుంది, స్టాకు తప్పూ బయటపడదు.

స్కాన్‌కూ స్కాన్‌కూ మధ్య

రిపోర్టులో కనబడకపోయినా సాఫ్ట్‌వేర్ దగ్గర ఇంకో విలువైన సరుకుంది. ప్రతి స్కాన్‌కూ సమయం నమోదై ఉంటుంది. వరస స్కాన్‌ల మధ్య ఎంత వ్యవధి ఉందో చూడటం తెలిసిన ఇన్‌చార్జి సగం సంగతులు ర్యాకుల దగ్గరకు వెళ్లకుండానే పట్టేస్తాడు.

ఒక బిన్ దగ్గర అందరికీ నాలుగైదు నిమిషాలు పడుతోందంటే ఆ బిన్‌లో ఏదో ఉంది. సరుకు పై అర నుంచి దిగడం ఆలస్యమవుతోంది, లేబుల్ చిరిగిపోయి స్కాన్ పడటం లేదు, నిచ్చెన దొరకడం లేదు. అలాకాక ఒక్క మనిషికి అన్ని బిన్‌ల దగ్గరా కొంచెం కొంచెం ఎక్కువ పడుతోందంటే చూడాల్సింది అతన్ని. అప్పుడు కూడా ముందు అతని స్కానర్ బ్యాటరీ చూడాలి. పాత స్కానర్ ఒక్కో లైనుకు మూడు సెకన్లు తినేస్తే ఐదు వందల లైన్లకు పాతిక నిమిషాలు పోతాయి.

వ్యవధి మరీ తక్కువగా ఉన్నా అనుమానించాలి. ఇరవై అడుగుల దూరంలో ఉన్న రెండు బిన్‌ల మధ్య రెండు సెకన్లలో స్కాన్ పడిందంటే మనిషి నడవలేదు. బిన్ లేబుళ్లను కాగితం మీద ముద్రించి ట్రాలీకి అంటించుకుని అక్కడే స్కాన్ కొట్టడం ఈ పనిలో తెలిసిన ఎత్తు. ముందు సరుకంతా ఏరుకొచ్చి, తర్వాత కూర్చుని స్కాన్ కొడతారు. గంటకు లైన్లు బ్రహ్మాండంగా వస్తాయి. తనిఖీ అన్నది మాత్రం ఉండదు. వేగానికి మాత్రమే ఇన్సెంటివ్ పెట్టిన చోట ఇది పుట్టకపోతేనే ఆశ్చర్యం.

ఒక షిఫ్టును గంటగంటకూ విడగొట్టి వేగం ఒక గీత, తప్పులు ఒక గీత గీస్తే, చూడాల్సింది బండి బయల్దేరే సమయానికి ముందున్న గంట. నాలుగున్నరకు వ్యాను కదలాలంటే మూడున్నర నుంచి అందరూ పరుగే. వేగం గీతా తప్పుల గీతా అక్కడే కలిసి లేస్తున్నాయంటే కారణం పికర్ల అజాగ్రత్త కాదు, ఆ వ్యానుకు వెళ్లాల్సిన జాబితాలు ఆలస్యంగా విడుదలయ్యాయి. ఆ బటన్ నొక్కేది ఆఫీసులో ఉన్నవాళ్లు.

అమెరికాలో గోదాముల్లో పనిచేసే మనవాళ్లకు ఈ అంకెల సంగతి ఇంకో రూపంలో తెలుసు. గంటకు ఇన్ని అని లక్ష్యం పెట్టే యాజమాన్యాలు ఆ లక్ష్యాన్ని పనివాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలని, భోజన విరామానికో మరుగుదొడ్డికో వెళ్లడానికి అడ్డుపడేలా లక్ష్యం ఉండకూడదని కాలిఫోర్నియాలో ఏబీ 701 అనే చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. విరామాలు, మిగతా పనుల గంటలు అన్నీ కలిపి భాగిస్తే ఏమవుతుందో పైన చూశాం కదా, 91 తీసినవాడు 57 అవుతాడు. చట్టం దాకా వెళ్లిన గొడవకు మూలం ఇలాంటి భాగహారమే.

మళ్లీ మన మంగళవారం రిపోర్టుకు వస్తే, ఆ ఇన్‌చార్జి 64, 99.84 అన్న రెండు అంకెలు పంపే బదులు నాలుగు వాక్యాలు రాయొచ్చు. 40 పికింగ్ గంటల్లో 2,562 లైన్లు, సోమవారం వేగాలతో చూస్తే 42 గంటల పని. లారీ దించడానికి వెళ్లిన గంటలు విడిగా చూపించాం. 400 లైన్లు సరిచూస్తే నాలుగు తప్పులు, రెండు స్ట్రిప్పు బాక్సువి, ఒకటి మెట్‌ఫార్మిన్ 500, 1000ది, ఒకటి బ్యాచ్‌ది. ఫలానా బిన్ రాత్రంతా ఖాళీ అయి అందరూ అక్కడ ఆగారు, పగటి షిఫ్ట్ సరుకు దింపాలి. ఫోన్లో చదవడానికి ఒక్క నిమిషం పట్టదు. మేనేజరు చేతికి చేయదగిన పనులు మూడు దొరుకుతాయి.

ఆ తర్వాత కూడా కచ్చితత్వం అంకె ముగిసిపోదు. షాపుల నుంచి ఫిర్యాదులు రెండు రోజులకో వారానికో వస్తాయి. వాటిని ఫిర్యాదు వచ్చిన తేదీన కాకుండా సరుకు తీసిన తేదీ కింద రాసుకోవాలి. లేకపోతే మంగళవారం తప్పులు శుక్రవారం షిఫ్ట్ నెత్తిన పడతాయి. ఆ లెక్క చేయాలంటే ఆ తేదీ, ఆ జాబితా నంబరు తెలియాలి.

అందుకే మెడికల్ షాపులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. పెట్టె వచ్చిన రోజే విప్పి బిల్లుతో సరిచూడండి, మందు పేరు చివరి మిల్లీగ్రాముల అంకె, బ్యాచ్ నంబరు, స్ట్రిప్పుల లెక్క ఈ మూడూ చాలు. తేడా ఉంటే బిల్లు నంబరుతో సహా అదే రోజు చెప్పండి. తక్కువైనప్పుడే కాదు, ఎక్కువ వచ్చినప్పుడు కూడా చెప్పండి. మీకు ఎక్కువొచ్చిన ఆ స్ట్రిప్పుల కోసం పక్క ఊళ్లో ఇంకో షాపాయన ఎదురుచూస్తూ ఉండొచ్చు.